ఫీజుకు నిచ్చెన, డాబాకు సింకింగ్ ఫండ్: తెనాలి దగ్గరి ఒక కుటుంబం లెక్క

2023 జూలై మొదటి వారంలో సుజాత గారు (పేరు మార్చాను) భర్తతో కలిసి నా దగ్గరకు వచ్చారు. తెనాలి దగ్గర పుట్టింటి నుంచి వచ్చిన స్థలం అమ్మితే చేతికి రూ.15 లక్షలు వచ్చాయి. అమ్మాయికి ఇంజనీరింగ్ సీటు ఖాయమైంది. మొదటి ఏడాది ఫీజు, హాస్టలు, లాప్‌టాప్ కలిపి రూ.3.3 లక్షలు పోతే రూ.11.7 లక్షలు మిగులుతాయి. ఆ మొత్తాన్ని ఐదేళ్ల ఎఫ్‌డీలో వేసేసి, వచ్చే వడ్డీతో మిగతా మూడేళ్ల ఫీజు కట్టాలన్నది ఆయన ఆలోచన.

కాగితం మీద లెక్క వేసి చూపించాను. 7 శాతం చొప్పున ఏడాదికి వడ్డీ సుమారు రూ.82 వేలు వస్తుంది. కట్టాల్సిన ఫీజు రూ.3.4 లక్షలు. అంటే ప్రతి ఆగస్టులో ఎఫ్‌డీని విరగ్గొట్టాల్సిందే. ఒకసారి అలా విరగ్గొట్టి పెనాల్టీ కట్టిన అనుభవం వాళ్లకు అప్పటికే ఉంది. 'ఆ సంగతి గుర్తు చేయకండి' అన్నారు సుజాత గారు నవ్వుతూ.

వాళ్లకు ముందున్న పెద్ద ఖర్చులు రెండు. ఒకటి ఫీజు. అది 2024, 2025, 2026 ఆగస్టుల్లో పదో తేదీలోపు కట్టాలి. దానికి డబ్బు ఇప్పటికే చేతిలో ఉంది. రెండోది ఇల్లు. డాబా మీద వాటర్‌ప్రూఫింగ్, బయటి గోడలకు రంగులు 2028 వేసవికల్లా తప్పవని మేస్త్రీ చెప్పాడు. దానికి చేతిలో ఏమీ లేదు. పైవాటా అద్దె మాత్రం నెలనెలా రూ.12 వేలు వస్తుంది.

ఈ రెంటినీ ఒకే సంచిలో వేసి 'పిల్ల చదువుకూ ఇంటికీ పొదుపు' అంటే కుదరదు. మొదటిదానికి నిచ్చెన కావాలి. అందులో కొనేది ఒక్కసారి, డబ్బు తిరిగి వచ్చేది పలుసార్లు. రెండోదానికి సింకింగ్ ఫండ్ కావాలి. అందులో వేసేది పలుసార్లు, తీసేది ఒక్కసారి. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో ఉంటాయి. సింకింగ్ ఫండ్ గొడుగు కడ్డీల లాంటిది. కడ్డీలన్నీ వేర్వేరు చోట్ల మొదలై ఒక్క చోట కలుస్తాయి. ఈ తేడా పట్టించుకోకపోతే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

నిచ్చెన: చివరి మెట్టు నుంచి మొదలు

ముందు అవసరాలు రాసుకున్నాం. ఫీజు, హాస్టలు కలిపి 2024కు రూ.3,40,000, 2025కు రూ.3,55,000, 2026కు రూ.3,70,000.

వేటిలో పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. బ్యాంకు ఎఫ్‌డీలతోనూ నిచ్చెన కట్టవచ్చు. మూడు ఎఫ్‌డీలు, మూడు తేదీలు, పని సులువు. ఆ రోజుల్లో ఏడాది నుంచి మూడేళ్ల ప్రభుత్వ బాండ్ల రాబడి 7 శాతం చుట్టూ తిరుగుతోంది. పెద్ద బ్యాంకుల వడ్డీ దానికి అటూ ఇటూగా ఉంది. రాబడిలో చెప్పుకోదగ్గ తేడా లేనప్పుడు నేను ఈ కుటుంబానికి ప్రభుత్వ బాండ్లనే ఎంచుకోవడానికి కారణం వేరే. ఎఫ్‌డీని ఫోనులో నాలుగు మీటలు నొక్కి విరగ్గొట్టవచ్చు. బాండు అమ్మాలంటే కొనేవాడు దొరకాలి, ధర కుదరాలి. చేయి నిలవని ఇంట్లో ఆ ఇబ్బందే ఒక తాళం. ఫోనులో 11 శాతం అంటూ ఊరించే కంపెనీ బాండ్లను ఆయన చూపించారు. ఆ మాట అక్కడే ఆపేశాను. మూడు మెట్ల నిచ్చెనలో ఒక్క మెట్టు విరిగితే మిగతా రెండు మెట్ల మీద వచ్చిన అదనపు వడ్డీ ఆ ఏడాది ఫీజు కట్టదు.

సుజాత గారి పేరున ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్ ఖాతా తెరిచాం. 2021 నవంబరు నుంచి మామూలు మనుషులకు అందుబాటులో ఉన్న సదుపాయం ఇది. ఖాతాకు రుసుము లేదు. కనీస కొనుగోలు రూ.10 వేల ముఖవిలువ, ఆపైన రూ.10 వేల చొప్పున పెంచుకోవచ్చు. ముఖవిలువ అంటే ముగింపు రోజున తిరిగి వచ్చే అసలు.

బాండ్ల జాబితా తెరవగానే కొత్తవాళ్ల కన్ను కూపన్ మీద పడుతుంది. కూపన్ అంటే బాండు ముఖవిలువ మీద ఏటా ఇచ్చే వడ్డీ. ఆయన కూడా `8.20% GS 2025` అనే ప్రభుత్వ బాండు చూసి 'ఇది ఎక్కువ ఇస్తోంది కదండీ' అన్నారు. అది ముగిసేది 2025 సెప్టెంబరు 24న. ఫీజు ఆగస్టు 10న. నెలన్నర ఆలస్యంగా వచ్చే డబ్బు ఎంత వడ్డీ తెస్తే మాత్రం ఏం లాభం? 2026కు `6.97% GS 2026` కూడా ఇలాగే పనికిరాకుండా పోయింది. అది ముగిసేది సెప్టెంబరు 6న. నిచ్చెనకు బాండు ఏరేటప్పుడు ముందు ముగింపు తేదీ చూడాలి, ఆ తర్వాతే రాబడి. కూపన్ చిట్టచివరిది. రూ.100 ముఖవిలువకు, ఎక్కువ కూపన్ ఉన్న బాండు ధర రూ.100 కంటే పైన ఉంటుంది, తక్కువ కూపన్ ఉన్నది కింద ఉంటుంది. అన్నీ సర్దుకుని రాబడి ఇంచుమించు ఒకటే అవుతుంది.

నేను ఎంచినవి రెండూ తక్కువ కూపన్ బాండ్లు. ఒకటి `5.22% GS 2025`, ముగింపు 2025 జూన్ 15. రెండోది `5.63% GS 2026`, ముగింపు 2026 ఏప్రిల్ 12. కొవిడ్ కాలంలో వడ్డీలు అడుగంటినప్పుడు, 2020లో ఒకటి, 2021లో ఒకటి విడుదలైనవి. 2023 నాటికి వడ్డీలు పెరిగాయి కనుక ఇవి రూ.96-97కే దొరుకుతున్నాయి. తక్కువ కూపన్ వల్ల ఈ పనికి ఒక మేలు ఉంది. ఆరునెలలకోసారి చిల్లరగా వచ్చే డబ్బు తగ్గి, రావాల్సిన దాంట్లో ఎక్కువ భాగం ముగింపు రోజున, ఫీజు ముందు వస్తుంది.

ఇక ఎంత కొనాలి? ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, 2026కు 3.7 లక్షలు కావాలి కనుక 3.7 లక్షల ముఖవిలువ కొనేయడం. మధ్యలో వచ్చే కూపన్లు ఏమవుతాయి? వాటికి లెక్కలో చోటు లేకపోతే ఇంటి ఖర్చులో కలిసిపోతాయి. అందుకే చివరి ఏడాది నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ రావాలి.

2026 ఫీజుకు ఉపయోగపడేవి ఏమిటి? 5.63 బాండు అసలు, దానితో పాటు 2025 అక్టోబరు, 2026 ఏప్రిల్‌లలో వచ్చే రెండు కూపన్లు. రూ.3,50,000 ముఖవిలువ కొంటే ఒక్కో కూపన్ రూ.9,852.50, రెండూ కలిపి రూ.19,705. మొత్తం రూ.3,69,705. కావాల్సినదానికి రూ.295 తక్కువ. ఆ రూ.295 కోసం ఇంకో పది వేల ముఖవిలువ కొనడం దండగ. దాన్ని ముందు మెట్టు మిగులు మీదకు నెట్టాను.

2025కు రావాలి. ఆ ఏడాది ఫీజులోపు 5.63 బాండు 2024 అక్టోబరు, 2025 ఏప్రిల్ కూపన్లుగా మరో రూ.19,705 ఇస్తుంది. మిగిలిన సుమారు రూ.3,35,300 మాత్రమే 5.22 బాండు మోయాలి. రూ.3,20,000 ముఖవిలువకు అసలు, ఆ ఏడాది రెండు కూపన్లు కలిపి రూ.3,36,704. సరిపోయింది. పైగా రూ.1,409 మిగులు, అందులో పైన చెప్పిన రూ.295 తీరిపోతుంది.

2024కు రెండు బాండ్ల కూపన్లు కలిపి రూ.36,409 వస్తాయి. కాబట్టి రూ.3,40,000కు గాను 364 రోజుల ట్రెజరీ బిల్లు రూ.3,10,000 ముఖవిలువకు చాలు. ట్రెజరీ బిల్లుకు కూపన్ ఉండదు. తక్కువకు కొని, ముగింపున పూర్తి ముఖవిలువ తీసుకోవడమే. జూలై 26 బుధవారం వేలంలో పోటీ లేని బిడ్ వేశాం, అంటే వేలంలో తేలిన సగటు ధరకే మనకు ఇస్తారు. ముగింపు 2024 జూలై 25.

కొన్న ధరలను సులువుగా ఉండేందుకు కొద్దిగా గుండ్రం చేసి కింద ఇస్తున్నాను. బాండ్లకు ధరతో పాటు, గత కూపన్ తేదీ నుంచి కొన్న రోజు దాకా పోగైన వడ్డీ కూడా అమ్మినవాడికి ఇవ్వాలి. ఏడాదికి 360 రోజులు, నెలకు 30 రోజుల చొప్పున ఆ లెక్క ఉంటుంది.

| మెట్టు | ముఖవిలువ | ధర | పోగైన వడ్డీతో ఖర్చు |
|---|---|---|---|
| 364 రోజుల బిల్లు | 3,10,000 | 93.60 | 2,90,160 |
| 5.22% GS 2025 | 3,20,000 | 96.70 | 3,11,389 |
| 5.63% GS 2026 | 3,50,000 | 96.40 | 3,43,147 |

మొత్తం రూ.9,44,696. మూడేళ్లలో కట్టాల్సింది రూ.10,65,000. రూ.11.7 లక్షల్లో ఇంకా రూ.2.25 లక్షలు మిగిలాయి. అది స్వీప్ ఖాతాలో, అంటే మిగులు తనంతట తానే ఎఫ్‌డీగా మారే సేవింగ్స్ ఖాతాలో ఉండిపోయింది. దాన్ని కూడా ఏదైనా బాండులో పెడదామని ఆయన అడిగారు, నేను ఒప్పుకోలేదు. కళాశాల రాసిచ్చిన ఫీజు నిజమే కానీ హాస్టలు ఫీజు ఎవరి చేతిలోనూ ఉండదు.

పన్ను విషయం ఒక్క మాటలో: ఈ బాండ్ల కూపన్ మీద టీడీఎస్ కోయరు. అంటే పన్ను లేదని కాదు, మనమే ఆదాయంలో చూపించాలి. రూ.96.70కి కొని ముగింపున రూ.100 తీసుకున్న తేడా మూలధన లాభం. స్థలం సుజాత గారి పుట్టింటిది కనుక ఆదాయమూ ఆమెదే. ఆమె ఆదాయం పన్ను గీతకు బాగా కింద ఉంది. 30 శాతం పన్ను కట్టేవారికి ఈ నిచ్చెన లెక్క మళ్లీ వేసుకోవాలి.

నడిచిన తీరు

మొదటి పొరపాటు నాదే. రిటైల్ డైరెక్ట్ ఖాతాకు ఇంటి ఖర్చులు నడిచే సేవింగ్స్ ఖాతానే జతచేశాం. 2023 అక్టోబరు 12న రావాల్సిన రూ.9,852 కూపన్ అందులో పడింది. ఆ నెలలోనే దసరా. నవంబరులో నేను లెక్క చూసేసరికి ఆ డబ్బు బట్టలైపోయింది. 'వడ్డీ వచ్చిందనుకున్నామండీ, అది ఫీజు అని మాకు తట్టలేదు' అన్నారు సుజాత గారు. తప్పు వాళ్లది కాదు. కూపన్లను ఫీజులో భాగంగా లెక్కకట్టిన నేను, అవి ఆగే చోటు చూపించలేదు. వేరే బ్యాంకులో కార్డు లేని ఖాతా ఒకటి తెరిపించి, కూపన్ తేదీల తర్వాత ఆ మొత్తం అందులోకి వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టించాను. నిచ్చెన కారుతోందో లేదో తెలుసుకోవడానికి ఇదొక్కటే దారి. ఆ ఖాతా నిల్వ ఏ రోజుకు ఎంత ఉండాలో ముందే రాసి ఉంచుకోవాలి, ఉన్నదానితో పోల్చి చూడాలి.

అదే రోజుల్లో ఇంకో ఫోను వచ్చింది. మార్కెట్లో వడ్డీలు కొంచెం పెరిగి బాండ్ల ధర తగ్గింది. తెర మీద నష్టం కనిపిస్తోందని ఆయన కంగారు. నేను అడిగింది ఒక్కటే, ఆ బాండు ఎప్పుడు అమ్ముతున్నారు? అమ్మడం లేదు. ముగింపు రోజున వచ్చేది రూ.100, ఆ అంకె మారదు. ముగింపు దాకా ఉంచుకునే డబ్బుకు మధ్యలో ధర ఎంతైనా ఒకటే. కానీ అవసరం మధ్యలో వస్తుందేమోనన్న అనుమానం ఉన్న డబ్బుకు ఆ ధరే నిజం. కాబట్టి అలాంటి డబ్బును బాండ్లలో పెట్టకూడదు.

2024 జూలై 25న బిల్లు డబ్బు ఖాతాలో పడింది. ఆ ఏడాది హాస్టలు పెరిగి మొత్తం రూ.3,52,000 అడిగారు. దసరాకు కరిగిపోయిన కూపన్ పోను మెట్టు నుంచి వచ్చింది రూ.3,36,557. తగ్గిన రూ.15,443 స్వీప్ ఖాతా నుంచి తీశాం. 2025 జూన్ 15 ఆదివారం. బాండు ముగింపు సెలవు రోజున పడితే అసలు ముందు పనిదినంలోనే చెల్లిస్తారు. కాబట్టి డబ్బు రెండు రోజులు ముందే వచ్చింది. ఆ ఏడాది ఫీజు రూ.3,66,000. మెట్టు నుంచి వచ్చిన రూ.3,56,409 పోను రూ.9,591 మళ్లీ స్వీప్ నుంచి. చివరి మెట్టు మాత్రం ఫీజుకు నాలుగు నెలల ముందు, ఏప్రిల్ 12న ముగుస్తుంది. అదీ ఆదివారమే. ఆ నాలుగు నెలలకు 91 రోజుల బిల్లు కొని జూలైలో ముగించుకోవచ్చని ముందే రాసిపెట్టాను. 2026 జూలై 9న ముగిసే `8.33% GS 2026` తీసుకుని ఉంటే ఈ మధ్యకాలం ఉండేది కాదు. కానీ చిన్న మొత్తానికి మంచి ధరకు అమ్మేవాళ్లు ఆ వారంలో దొరకలేదు. చిన్న కొనుగోలుదారుకు ఈ మార్కెట్లో ఎదురయ్యే అసలు కష్టం ఇదే. జాబితాలో పేరున్న ప్రతి బాండూ మూడు లక్షలకు దొరకదు.

డాబా లెక్క

2023లో డాబా, రంగులు కలిపి మేస్త్రీ వేసిన అంచనా రూ.2.6 లక్షలు. ఏటా 6 శాతం పెరుగుతుందనుకుంటే ఐదేళ్లలో రూ.3.48 లక్షలు. లక్ష్యం రూ.3.5 లక్షలు పెట్టుకున్నాం. 2023 ఆగస్టు నుంచి 57 నెలలు. నెలకు ఎంత వేయాలో చెప్పే సూత్రం ఇది:

```
P = F × i ÷ ((1 + i)^n − 1)
```

ఇందులో F లక్ష్యం, i నెల వడ్డీ రేటు, n నెలల సంఖ్య. 6.5 శాతం వడ్డీకి లెక్క కడితే నెలకు రూ.5,258. గుండ్రంగా రూ.5,300 పెట్టాం. పైవాటా అద్దె వచ్చిన మర్నాడే అది రికరింగ్ డిపాజిట్‌కు పోతుంది.

ఇక్కడ ఒక విషయం ఆయనకు బాగా నచ్చింది. ఎక్కువ వడ్డీ ఇచ్చే బ్యాంకు కోసం ఆయన రెండు రోజులు తిరిగారు. వడ్డీ 6.5కు బదులు 5.5 శాతమే వస్తే నెలకు వేయాల్సింది రూ.5,387. అంటే ఒక శాతం తేడాకు నెలకు రూ.130. అదే, పనుల ఖర్చు ఏటా 6 శాతం కాక 8 శాతం చొప్పున పెరిగితే లక్ష్యం రూ.3.82 లక్షలకు చేరి, నెల వాయిదా రూ.5,738 అవుతుంది. తేడా రూ.480. నాలుగైదేళ్ల సింకింగ్ ఫండ్‌లో వడ్డీ రేటు కన్నా అంచనాయే పెద్దది. బ్యాంకుల చుట్టూ తిరిగే రెండు రోజులు మేస్త్రీతో డాబా కొలిపించడానికి వాడుకోవాలి.

రికరింగ్ డిపాజిట్ ఏడాదికి పెట్టి, ముగిసినప్పుడల్లా ఆ మొత్తాన్ని 2028 మార్చిలో ముగిసే ఎఫ్‌డీగా మార్చాలన్నది ఏర్పాటు. మొదటి ఎఫ్‌డీకి మూడున్నరేళ్లు పైగా గడువు, రెండోదానికి రెండున్నరేళ్లు పైన, అలా కుదించుకుంటూ అన్నీ ఒకే నెలలో ముగుస్తాయి. ఒకే బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి రూ.5 లక్షలు దాటనంత వరకు డిపాజిట్ బీమా ఉంటుంది కనుక ఈ మొత్తానికి బ్యాంకు గురించి ఆందోళన అక్కర్లేదు.

వడ్డీల విషయంలో నిచ్చెనకూ దీనికీ తేడా 2025లో కళ్లకు కట్టింది. ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి జూన్ లోపు ఆర్‌బీఐ, తాను బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటును 6.50 నుంచి 5.50 శాతానికి తగ్గించింది. నిచ్చెనకు ఏమీ కాలేదు, రాబడి కొన్న రోజే ఖాయమైపోయింది. కొత్తగా తెరిచే డిపాజిట్లకు మాత్రం బ్యాంకులు వడ్డీ తగ్గించాయి. ఇంకా వేయని వాయిదాలకు ఏ రేటు వస్తుందో ఎవరూ ముందే కట్టిపెట్టలేరు. వడ్డీలు పెరిగి ఉంటే ఇదే ఫండ్ లాభపడేది.

అయితే వాళ్ల ఫండ్‌కు దెబ్బ తగిలింది వడ్డీ వల్ల కాదు. 2024 ఆగస్టులో మొదటి రికరింగ్ డిపాజిట్ ముగిసి సుమారు రూ.65 వేలు చేతికొచ్చింది. ఎఫ్‌డీ వేయడానికి బ్యాంకుకు వెళ్లేలోపు, పొలంలో బోరు వేయించాలని ఆయన తమ్ముడు రూ.60 వేలు అడిగాడు. తమ్ముడు అడిగితే కాదనేది ఎలా? దీపావళికల్లా ఇస్తానన్నవాడు ఏడాది తిరిగేసరికి రూ.35 వేలు ఇచ్చాడు.

ఇది ఈ ఒక్క ఇంటి బలహీనత కాదు. సింకింగ్ ఫండ్ పుట్టినప్పటి నుంచీ దాని జబ్బు ఇదే. బ్రిటన్‌లో జాతీయ రుణం తీర్చడానికని 1717లో రాబర్ట్ వాల్పోల్ అనే మంత్రి పథకం ప్రకారం పెట్టిన నిధి నుంచి, 1733లో అదే వాల్పోల్ 5 లక్షల పౌండ్లు మామూలు ఖర్చులకు తీసుకున్నాడు. దగ్గరలో పెద్ద మొత్తం ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తే దానికో అవసరం పుట్టుకొస్తుంది. నిచ్చెనలో ప్రతి రూపాయికీ కళాశాల పేరు రాసి ఉంది కనుక ఆ డబ్బు జోలికి ఎవరూ రాలేదు. డాబా మాత్రం ఫీజు రశీదు పంపదు.

చేయగలిగింది, లోటు ఎంతో వెంటనే తెలుసుకోవడం. మొదట్లోనే ఒక నోటు పుస్తకంలో, ఏ ఏడాది చివర ఎంత ఉండాలో రాయించాను. 12 నెలలకు రూ.65,530, 24 నెలలకు రూ.1,35,450, 36 నెలలకు రూ.2,10,050. 2025 ఆగస్టులో పుస్తకం తెరిస్తే ఉండాల్సింది రూ.1,35,450, ఉన్నది సుమారు రూ.1,08,500. లోటు దాదాపు రూ.27 వేలు. మిగిలిన 33 నెలల్లో దాన్ని పూడ్చాలంటే నెలకు రూ.900 కలపాలి. వాయిదా రూ.5,300 నుంచి రూ.6,200 అయింది. ఆయన ఏమీ అనలేదు. ఆ అంకెను తమ్ముడికి ఫోటో తీసి పంపారట, సుజాత గారు తర్వాత చెప్పారు. ముగిసిన డిపాజిట్ సొమ్ము చేతికి రాకుండా అదే రోజు ఎఫ్‌డీగా మారేలా బ్యాంకులో ముందే రాసిచ్చే ఏర్పాటు కూడా అప్పుడే చేశాం. మొదటే చేయించి ఉండాల్సింది.

ఇదే పద్ధతిని ఇంకెవరైనా అనుసరించాలనుకుంటే ఒకటి రెండు హద్దులు చెప్పాలి. నిచ్చెనకు తేదీ కావాలి. 'అమ్మాయి పెళ్లి, ఎప్పుడో' అన్నదానికి మెట్టు కట్టలేం. ఇంకొక కుటుంబానికి 2025 చివర్లో ఇలాంటి లెక్కే వేసినప్పుడు ఏడాది ట్రెజరీ బిల్లు కంటే పెద్ద బ్యాంకు ఎఫ్‌డీయే ఎక్కువ ఇస్తోంది. వాళ్లు నిల్వ డబ్బు జోలికి పోని మనుషులు. వాళ్లకు ఎఫ్‌డీలతోనే నిచ్చెన కట్టాను.

2026 జనవరిలో మేస్త్రీని పిలిపించి డాబా మళ్లీ కొలిపించాం. అప్పటి ధరల్లో రూ.3.05 లక్షలు చెప్పాడు. 2023 అంచనాను 6 శాతం చొప్పున పెంచుకుంటూ వచ్చినా ఇంచుమించు అంతే తేలుతుంది కనుక లక్ష్యం మార్చలేదు. వెళ్తూ వెళ్తూ పిట్టగోడ మూల దగ్గర ఆగి పగులులో వేలు పెట్టి చూశాడు. 'ఇది రంగుతో పోదండీ, తీసి కట్టాలి, ఇంకో పద్దెనిమిది వేలు అవుతుంది' అన్నాడు. సుజాత గారు పుస్తకం తెచ్చి రూ.6,200 కొట్టేసి రూ.6,900 రాశారు.